క్రికెటర్ ఆత్మకథకి రివ్యూ రాయడం ఎలా: లక్ష్మణ్ పుస్తకం ముందు పెట్టుకుని

వీవీఎస్ లక్ష్మణ్ ఆత్మకథ '281 అండ్ బియాండ్' 2018 నవంబర్‌లో వచ్చింది. ఆర్. కౌశిక్ అనే క్రికెట్ జర్నలిస్టుతో కలిసి ఇంగ్లీష్‌లో రాశాడు. నేను దానికి రాసిన మొదటి రివ్యూ తొమ్మిది పేరాలు ఉంటే అందులో ఆరు కోల్‌కతా టెస్ట్ గురించే. మా బావ అంతా చదివి, "మ్యాచ్ బాగా చెప్పావ్ రా, కానీ ఆ మ్యాచ్ నేనూ చూశాను కదా, పుస్తకంలో ఏముందో మాత్రం నాకింకా తెలీలేదు" అన్నాడు. ఆ మాట నిజం. అభిమానంతో రాసే రివ్యూలు దాదాపు అన్నీ ఇక్కడే దెబ్బతింటాయి, పుస్తకానికి రాయాల్సిన రివ్యూ ఆటగాడికి రాసేస్తాం. ఆ రివ్యూ తీసేసి మళ్ళీ రాసినప్పుడు నాకు పనికొచ్చిన పద్ధతే ఇక్కడ మొదట్నుంచి చివరిదాకా చెప్తున్నా, ఉదాహరణ కూడా ఆ పుస్తకమే.

మొదటి పని: చదివేటప్పుడే మార్జిన్‌లో మూడు అక్షరాలు

పెన్సిల్ పట్టుకుని చదవండి. పుస్తకం పాడవుతుందనుకుంటే నోట్‌బుక్‌లో పేజీ నంబర్ వేసి పక్కన రాసుకోండి. ఆత్మకథలో వచ్చే ప్రతి ముఖ్యమైన విషయం మూడు రకాల్లో ఏదో ఒకటి అవుతుంది. ఒకటి, జరిగిన సంగతి: స్కోర్లు, తేదీలు, ఎవరు టీమ్‌లో ఉన్నారు, ఎన్నో నంబర్‌లో బ్యాటింగ్‌కి వచ్చాడు లాంటివి. దీనికి 'జ' అని పెట్టుకుంటా. రెండోది మనసులో మాట, ఆ రోజు ఆయనకి ఏమనిపించింది, ఎందుకు భయపడ్డాడు, ఎవరి మీద అలిగాడు, దీనికి 'మ'. మూడోది ఇతరుల గురించి ఆయన చెప్పింది, ఫలానా కోచ్ ఇలా చేశాడు, ఫలానా సెలెక్టర్ ఇలా అన్నాడు అని, దీనికి 'ఇ'.

ఇంత చిన్న పని ఎందుకంటే ఈ మూడింటినీ మెచ్చుకునే తీరు వేరు, తప్పుపట్టే తీరు వేరు. 'జ' తప్పయితే రికార్డు చూసి తప్పని చెప్పొచ్చు. 'మ' ని తప్పనే హక్కు మనకి లేదు, ఆయన మనసు మనకేం తెలుసు, కానీ ఎంత విప్పి చెప్పాడు, ఎక్కడ పైపైన దాటేశాడు అనేది చెప్పొచ్చు. 'ఇ' లో మాత్రం అవతలి మనిషి ఆ పుస్తకంలో లేడు, కాబట్టి ఆ మాటని నిజం అని రాసినా అబద్ధం అని రాసినా మనం ఒక పక్షం తీసుకున్నట్టే. చాలా రివ్యూల్లో ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి, అందుకే పొగిడితే భజనలా, విమర్శిస్తే పగలా కనిపిస్తాయి.

రెండో పని: 'జ' అని పెట్టుకున్నవి స్కోర్‌కార్డుతో సరిచూడటం

కోల్‌కతా టెస్టే తీసుకుందాం, 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా 445 కొట్టింది, మనం 171కి ఆలౌట్, అందులో లక్ష్మణ్‌వి 59. ఫాలో ఆన్, అంటే 274 వెనక. కోచ్ జాన్ రైట్ ప్యాడ్లు విప్పొద్దు, మూడో నంబర్‌లో వెళ్తున్నావ్ అని చెప్పడం ఇప్పుడు అందరికీ తెలిసిన కథే. మూడో రోజు ఆట ఆగేసరికి 254కి 4, లక్ష్మణ్ 109, ద్రవిడ్ 7. నాలుగో రోజు మొత్తం ఒక్క వికెట్ పడలేదు, ఆ ఒక్క రోజే 335 పరుగులు. ఐదో రోజు 281 దగ్గర లక్ష్మణ్ అవుటయ్యాడు, ద్రవిడ్‌తో భాగస్వామ్యం 376. మనం 657కి 7 దగ్గర డిక్లేర్ చేశాం, ఆస్ట్రేలియాని 212కి ఆలౌట్ చేసి 171 పరుగులతో గెలిచాం.

ఇవన్నీ రివ్యూలో పెట్టడానికి కాదు చెప్పింది, దయచేసి పెట్టకండి. సరిచూసుకోవడానికి. ఆత్మకథలు ఏళ్ళ తర్వాత జ్ఞాపకం మీద రాస్తారు, ఒక ఓవర్ అటు ఇటు అవుతుంది, ఫలానా బౌలర్‌ని కొట్టిన ఫోర్ వేరే మ్యాచ్‌లోది అవుతుంది. నేనైతే పుస్తకంలో ఆయన కథకి ఆధారంగా నిలబడ్డ మ్యాచులు నాలుగైదు ఎంచుకుని వాటి స్కోర్‌కార్డులు మాత్రమే చూస్తా, ప్రతీదీ చూడటం మొదలెడితే రివ్యూ వచ్చే ఏడాదికి అవుతుంది. తేడా దొరికినా అది చిన్నదైతే వదిలేయండి. ఆ తప్పు వల్ల ఆయన చెప్పే విషయం అర్థమే మారిపోతుంటే అప్పుడు రాయాలి. ఉదాహరణకి ఎవరైనా 'నేను ఆడినప్పుడల్లా టీమ్ గెలిచింది' అన్నాడనుకోండి, రికార్డు వేరేలా ఉంటే అది రాయాల్సిన తప్పు. మ్యాచ్ జరిగింది మంగళవారమా బుధవారమా అనేది కాదు.

మూడో పని: మెచ్చుకునేది పుస్తకాన్ని

ఇక్కడ నేను వాడే పరీక్ష ఒక్కటే. మీరు రాసిన పొగడ్త వాక్యాన్ని పుస్తకం చదవనివాడు కూడా రాయగలడా? రాయగలిగితే కొట్టేయండి. 'లక్ష్మణ్ మణికట్టులో మాయ ఉంది' అనే వాక్యం టీవీలో మ్యాచ్ చూసిన ఎవరైనా రాస్తారు, అది పుస్తకానికి వచ్చిన మార్కు కాదు.

దీనికి బదులు 2003 వరల్డ్ కప్ విషయం చూడండి. ఆ టీమ్‌లో లక్ష్మణ్‌కి చోటు దొరకలేదు, దినేష్ మోంగియాని తీసుకున్నారు. ఇది 'జ', అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన ఫ్రెండ్స్‌తో అమెరికా వెళ్ళిపోవడం, క్రికెట్ నుంచే దూరంగా ఉండాలనుకోవడం, ఆట వదిలేద్దామా అన్నంత దాకా వెళ్ళడం, ఇదంతా 'మ'. బయటికి ఎప్పుడూ నవ్వుతూ, ఎవర్నీ ఒక్క మాట అనకుండా కనిపించిన మనిషి లోపల అంత విరిగిపోయాడని స్కోర్‌కార్డు ఎక్కడా చెప్పదు. 134 టెస్టులాడిన మనిషి ఒక్క వన్డే వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు అనే అంకె పక్కన ఈ భాగం పెట్టి చదివితే ఆ అంకెకి బరువొస్తుంది. మెచ్చుకోవాల్సింది అక్కడ, 'పుస్తకం ఇక్కడ మనకి వేరే ఎక్కడా దొరకనిది ఇచ్చింది' అని. దాని కింద ఒక పేజీ నంబర్, మీ మాటల్లో రెండు వాక్యాల్లో ఆ సన్నివేశం, అంతే చాలు.

ఓపెనింగ్ సంగతి కూడా ఇలాంటిదే, ఇంకాస్త చిక్కుంది. లక్ష్మణ్‌ని మిడిలార్డర్ నుంచి తీసి ఓపెనర్‌గా పంపారు, అది ఆయనకి ఇష్టం లేదు, ఇక ఓపెన్ చెయ్యను అని తేల్చి చెప్పేశాడు. కానీ 2000 జనవరిలో సిడ్నీలో కొట్టిన 167, ఆయన మొదటి టెస్ట్ సెంచరీ, ఓపెనర్‌గానే వచ్చింది. ఇక్కడ మనసు ఒక మాట చెప్తోంది, రికార్డు ఇంకో మాట చెప్తోంది. దీన్ని పట్టుకుని 'లక్ష్మణ్ తప్పు చెప్తున్నాడు' అని రాస్తే మనం తొందరపడ్డట్టు, ఒక్క ఇన్నింగ్స్ బాగా ఆడినంత మాత్రాన ఆ స్థానం నచ్చాలనేం లేదు కదా. రెండూ పక్కపక్కన పెట్టి, ఈ చిక్కుని పుస్తకం ఎంత బాగా విప్పింది అని అడిగితే అది మంచి రివ్యూ ప్రశ్న.

నాలుగో పని, అన్నిటికంటే కష్టమైనది: గ్రెగ్ చాపెల్ లాంటి భాగాలు

పుస్తకం రాగానే పేపర్లన్నీ ఎత్తి చూపింది ఇదే. చాపెల్ 2005 నుంచి 2007 వరకు కోచ్. లక్ష్మణ్ చెప్పే సారం ఏంటంటే, ఆ మనిషికి పట్టువిడుపులు లేవు, అంతర్జాతీయ టీమ్‌ని నడిపే పద్ధతి తెలీలేదు, ఆడేది ఆటగాళ్ళు, కోచ్ కాదు అన్నది మర్చిపోయాడు అని. మామూలుగా ఎవర్నీ ఏమీ అనని లక్ష్మణ్ ఇంత మాట అన్నాడంటేనే దానికో బరువుంది, ఆ సంగతి రివ్యూలో రాయాలి కూడా.

కానీ ఇది 'ఇ'. కాబట్టి మూడు మెట్లు ఎక్కాలి.

మొదట, ఆయన మాటని ఆయన మాటగానే ఉంచాలి. 'లక్ష్మణ్ అంటాడు', 'లక్ష్మణ్ దృష్టిలో' అనేది ప్రతి ఆరోపణకీ కనపడాలి. 'చాపెల్ టీమ్‌ని నాశనం చేశాడు' అని రాసేస్తే ఆ ఆరోపణ మీదైపోయింది. పుస్తకం ఇంగ్లీష్‌లో ఉంది కాబట్టి మనకి ఇంకో ప్రమాదం ఉంది, అనువాదంలో కారం ఎక్కువైపోవడం. ఇన్‌ఫ్లెక్సిబుల్ అన్నమాటకి 'పట్టువిడుపు లేనివాడు' సరిపోతుంది, 'మొండి' అంటే ఒక మెట్టు పెరిగింది, 'మూర్ఖుడు' అంటే అది లక్ష్మణ్ అన్నమాట కాదు, మీ తిట్టు. అందుకే కోట్స్‌లో పెట్టి తెలుగు చేస్తుంటే 'అనువాదం నాది' అని ఒక్క ముక్క రాయండి, లేకపోతే కోట్స్ లేకుండా మీ మాటల్లో సారాంశం చెప్పండి.

తర్వాత, అదే కాలానికి సంబంధించి బయట ఉన్న లెక్క పక్కన పెట్టాలి. చాపెల్ ఉన్నప్పుడు టీమ్ వన్డేల్లో వరసగా 17 సార్లు ఛేజింగ్‌లో గెలిచింది, 2006లో వెస్టిండీస్‌లో టెస్ట్ సిరీస్ గెలిచింది, అక్కడ అంతకు ముందు గెలిచింది 1971లో. అదే ఏడాది డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా గడ్డ మీద మొదటి టెస్ట్ గెలుపు జొహానెస్‌బర్గ్‌లో వచ్చింది. ఆ వెంటనే 2007 వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేశాం. ఈ లెక్క లక్ష్మణ్ బాధని అబద్ధం చెయ్యదు, గెలిచే టీమ్‌లో కూడా డ్రెస్సింగ్ రూమ్ నరకంలా ఉండొచ్చు. కానీ చదివేవాడికి రెండూ కనపడాలి.

మూడోది, అవతలి మనిషి ఎక్కడైనా జవాబు చెప్పాడా అని వెతకాలి. చాపెల్ 2011లో 'ఫియర్స్ ఫోకస్' అని తన ఆత్మకథ తనూ రాసుకున్నాడు. అది చదివే టైమ్ లేకపోతే కనీసం ఆ కాలం గురించి ఆయన వైపు కథ కూడా అచ్చులో ఉందని చెప్పాలి. జవాబు వెతకడం ఎందుకంత ముఖ్యమో సచిన్ పుస్తకం చూస్తే తెలుస్తుంది. 2014లో వచ్చిన 'ప్లేయింగ్ ఇట్ మై వే' లో సచిన్, 2007 వరల్డ్ కప్‌కి కొన్ని నెలల ముందు చాపెల్ తన ఇంటికొచ్చి ద్రవిడ్ దగ్గర్నుంచి కెప్టెన్సీ తీసుకోమని చెప్పాడని రాశాడు. చాపెల్ వెంటనే కాదన్నాడు, సచిన్ ఇంటికి వెళ్ళింది ఒకేసారని, అదీ దానికి చాలా ముందని, అప్పుడు కెప్టెన్సీ మాటే రాలేదని. ఇద్దర్లో ఎవరు కరెక్టో రివ్యూ రాసేవాడు తేల్చలేడు. 'ఇలా రాశాడు, అలా కాదన్నాడు' అని రెండు వాక్యాలు రాసి ఊరుకోవడమే న్యాయం.

ఇవన్నీ కలిపి నేను రెండోసారి రాసినప్పుడు చాపెల్ పేరా ఇలా వచ్చింది:

"చాపెల్ కాలం గురించి లక్ష్మణ్ గొంతు మారిపోతుంది. పట్టువిడుపు లేని కోచ్, ఆడేవాళ్ళకంటే తనే ముఖ్యం అనుకున్నాడు అన్నది లక్ష్మణ్ అభియోగం. అంత నిదానస్తుడు ఇంత మాట అన్నాడంటే ఆ గాయం పెద్దదే అని నమ్ముతాను. అదే కాలంలో టీమ్ వరసగా 17 ఛేజింగులు గెలిచింది, వెస్టిండీస్‌లో సిరీస్ గెలిచింది, చివరికి వరల్డ్ కప్‌లో కూలిపోయింది. అందుకే ఈ భాగాన్ని ఒక ఆటగాడి సాక్ష్యంగా చదివాను, తీర్పుగా కాదు."

ఇందులో పొగడ్త ఉంది, విమర్శ ఉంది, సారాంశం ఉంది, ఒకదాని మీద ఒకటి పడట్లేదు. ఆ చివరి వాక్యం కోసం నేను ఒక సాయంత్రం అంతా కూర్చున్నా.

ధోనీ ఫోన్ సంగతి, సందర్భం ఎందుకు వదలకూడదంటే

2012 ఆగస్టులో, న్యూజిలాండ్‌తో హైదరాబాద్ టెస్టుకి ముందు లక్ష్మణ్ రిటైర్మెంట్ ప్రకటించాడు. ధోనీతో మాట్లాడారా అని అడిగితే, ధోనీని ఫోన్‌లో పట్టుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసుగా అని సరదాగా అన్నాడు. మర్నాటికల్లా ఇద్దరికీ పడట్లేదని వార్తలొచ్చేశాయి. పుస్తకంలో దాని గురించి వివరం ఇచ్చాడు, అది సరదా మాటేనని, ధోనీ కూడా నవ్వి ఊరుకున్నాడని.

ఇప్పుడు మీరు రివ్యూలో 'ధోనీ దొరకలేదని లక్ష్మణ్ వాపోయాడు' అని రాస్తే, పుస్తకం సరిదిద్దిన తప్పుని మీరు మళ్ళీ మొదలెట్టినట్టే. న్యాయమైన సారాంశం అంటే ఇదే, ఆయన ఆ భాగం ఎందుకు రాశాడో ఆ ఉద్దేశం మీ వాక్యంలో మిగలాలి. నేను చేసేది, సారాంశం రాశాక పుస్తకం తెరిచి ఆ అధ్యాయం ఆఖరి రెండు పేజీలు మళ్ళీ చదువుతా. అక్కడ ఆయన చేరిన చోటూ నా వాక్యం చేరిన చోటూ వేరైతే తప్పు నాదే.

లేని విషయాల గురించి ఎప్పుడు అడగాలి

'ఇది రాయలేదు, అది రాయలేదు' అనడం చాలా ఈజీ, ప్రతి పుస్తకంలోనూ లేనివే ఎక్కువ. నేను అడిగేముందు రెండు చూసుకుంటా: ఆ విషయం తెలిసే స్థానంలో ఆయన ఉన్నాడా, తను చెప్పే కథకి ఆ విషయం అవసరమా. సచిన్ పుస్తకంలో మ్యాచ్ ఫిక్సింగ్ గురించి దాదాపు ఏమీ లేదని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ గొడవ 2000 ఏప్రిల్‌లో బయటపడింది, దానికి కొద్ది వారాల ముందు వరకు సచినే కెప్టెన్, తన కెప్టెన్సీ గురించి పుస్తకంలో రాశాడు కూడా. కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే 'దాచేశాడు' అనకూడదు, దాచాడంటే తెలుసని మనం చెప్తున్నట్టు. 'ఈ ఖాళీ కనపడుతుంది' అనాలి, అక్కడితో ఆగాలి. లక్ష్మణ్ పుస్తకానికి కూడా ఇదే కొలత, మీకు ఖాళీ అనిపించిన ప్రతిచోటా ఈ రెండు ప్రశ్నలూ వేసి, రెండింటికీ అవును అని వస్తేనే రాయండి.

తెలుగులో రాసేవాళ్ళకి మాత్రమే వచ్చే ఇబ్బంది

ఇంగ్లీష్‌లో 'హీ' ఒక్కటే. మనకి ఆయన, అతను, వాడు, రాశారు, రాశాడు. రివ్యూలో మన పక్షపాతం ఇక్కడే ముందు బయటపడుతుంది. నా మొదటి రివ్యూ మళ్ళీ చూస్తే లక్ష్మణ్ 'ఆయన, అన్నారు', చాపెల్ 'అతను, అన్నాడు'. ఒక్క విమర్శ రాయకుండానే తీర్పు ఇచ్చేశాను. మన క్రికెట్ రాతల్లో ఆటగాళ్ళని 'ఆడాడు, కొట్టాడు' అనడం అలవాటే, అందులో అగౌరవం లేదు. గారు పెట్టాలనుకుంటే అందరికీ పెట్టండి, వద్దనుకుంటే ఎవరికీ వద్దు. పూర్తయ్యాక ఒకసారి పేర్లు, క్రియలు మాత్రమే చూసుకుంటూ పైనుంచి కిందకి చదివితే ఇది దొరికిపోతుంది, ఐదు నిమిషాల పని.

సహరచయిత సంగతి కూడా రాయాలి. వాక్యాలు బాగున్నాయనో చప్పగా ఉన్నాయనో అంటే అది లక్ష్మణ్ ఒక్కడిదే కాదు, కౌశిక్‌ది కూడా. అనుభవం, నిజాయితీ గురించిన మాట లక్ష్మణ్‌కి చెందుతుంది, అధ్యాయాల అమరిక, రచన గురించిన మాట ఇద్దరికీ చెందుతుంది, అలా విడదీసి రాయండి.

కొలతలు

ఎనిమిది వందల పదాల రివ్యూ అయితే సారాంశానికి రెండు వందలు దాటనివ్వను. విజయవాడలో డాక్టర్ల ఇంట్లో పిల్లాడు, మెడిసినా క్రికెట్టా అనే మలుపు, ఓపెనింగ్ బాధ, కోల్‌కతా, 2003, చాపెల్, రిటైర్మెంట్, ఇంతే దారి, మధ్యలో సిరీస్ సిరీస్‌కి ఆగక్కర్లేదు. కోల్‌కతాకి రెండు వాక్యాలు చాలు, నాకూ చెయ్యి ఆగదు, అయినా చాలు. మిగతా ఆరు వందలూ మీరు ఎంచుకున్న రెండు లేదా మూడు చోట్లకి ఇవ్వండి. మెప్పుకి సగం, విమర్శకి సగం అని త్రాసు పెట్టి తూచక్కర్లేదు, పుస్తకం మీకు ఎక్కువ నచ్చితే మెప్పు ఎక్కువే ఉండాలి, కాకపోతే ప్రతి మాట కింద పుస్తకంలో ఒక చోటు ఉండాలి.

చివరి పేరాలో స్టార్లు ఇవ్వడం కంటే ఎవరు చదవాలో చెప్పండి. నేను రాసింది ఇది: "కోల్‌కతా మ్యాచ్ మళ్ళీ చూద్దామని కొనేవాళ్ళకి వీడియో చాలు. టీమ్‌లో చోటు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా పదహారేళ్ళు ఒక మనిషి ఎలా లోపల్లోపల నెట్టుకొచ్చాడో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఈ పుస్తకం చదవాలి, చాపెల్ భాగం దగ్గర మాత్రం అవతలి పుస్తకం కూడా ఒకటుందని గుర్తుంచుకుని." మా బావ ఈసారి చదివి పుస్తకం అడిగి తీసుకెళ్ళాడు, ఇంకా తిరిగివ్వలేదు.